చతికిలబడ్డాక తోక ఎముక నొప్పి: కమిలిందా, చిట్లిందా?

కడిగిన మెట్ల మీద కాలు జారుతుంది. చేతిలో క్యారియర్ ఉండటంతో గోడ పట్టుకోవడానికి వీలుండదు. మెట్టు అంచు సరిగ్గా పిరుదుల మధ్య తగిలేలా చతికిలబడతాం. ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టవుతుంది. ఎవరైనా చూశారేమోనని గబుక్కున లేచి నిలబడతాం. నడవగలుగుతున్నాం కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. సాయంత్రం కుర్చీలో కూర్చోబోయినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఈ దెబ్బతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నొప్పి ఎక్కడో చెప్పడానికి మొహమాటం. చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, డాక్టర్ దగ్గర "నడుం నొప్పి" అని ఊరుకుంటారు. దాంతో పరీక్ష నడుము వైపు మళ్లుతుంది, ఎక్స్‌రే నడుముకు తీస్తారు, తోక ఎముక సంగతి ఎవరూ చూడరు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ నొప్పి సుమారు 5 రెట్లు ఎక్కువని వైద్య పుస్తకాలు చెబుతున్నాయి కాబట్టి ఈ మొహమాటం వల్ల నష్టపోయేదీ ఎక్కువగా వాళ్లే.

పడ్డవాళ్లందరూ మొదట అడిగేది ఒక్కటే: ఎముక విరిగిందా, ఉత్తినే కమిలిందా? న్యాయమైన ప్రశ్నే. కానీ తోక ఎముక విషయంలో దీనికి జవాబు దొరకడం కష్టం, దొరికినా చికిత్స పెద్దగా మారదు. ఎందుకలా అన్నది అర్థమైతే మిగతా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. దారి సులువుగా ఉండటానికి ఒక ఉదాహరణను వెంటబెట్టుకుందాం. పద్మ అనే 41 ఏళ్ల టీచర్ ఇలాగే మెట్ల మీద చతికిలబడిందనుకుందాం.

తోక ఎముక అంటే ఒక ఎముక కాదు

వెన్నెముక కిందికి వచ్చేసరికి, రెండు పిరుదుల పైభాగంలో అరచేతి వెడల్పున ఒక త్రికోణపు ఎముక ఉంటుంది. దానికి త్రికాస్థి అని పేరు. దాని కింది కొసకు అతుక్కుని, లోపలికి వంగి ఉండే చిన్న ముక్కల వరుసే తోక ఎముక. డాక్టర్లు కాక్సిక్స్ అంటారు. గ్రీకులో ఆ మాటకు కోకిల అని అర్థం. పక్కనుంచి చూస్తే ఎముక కోకిల ముక్కులా వంగి ఉంటుందని ఆ పేరు పెట్టారు.

ముక్కలు సాధారణంగా 4. కొందరికి 3, కొందరికి 5. కొందరిలో అవి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, కొందరిలో మధ్యమధ్య కీళ్లు ఉంటాయి. వంపు కూడా మనిషికో రకం. కొందరికి కొద్దిగా, కొందరికి దాదాపు కొక్కెంలా ముందుకు తిరిగి ఉంటుంది. ఇవన్నీ సహజంగా ఉండే తేడాలే, దెబ్బలు కావు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఎక్స్‌రే గురించి తర్వాత చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంత చిన్న ఎముక అంత బాధ ఎందుకు పెడుతుందంటే, దానికి చాలా పనులున్నాయి. కటి అడుగున ఊయల గుడ్డలా పరుచుకుని మూత్రాశయాన్ని, మలద్వారాన్ని పట్టి ఉంచే కండరాలు దీనికే అతుక్కుంటాయి. పిరుదుల పెద్ద కండరం కొన్ని పోగులూ ఇక్కడికే వస్తాయి. అందుకే కూర్చోవడమే కాదు, కూర్చుని లేవడం, మల విసర్జనకు ముక్కడం, ఒక్కోసారి గట్టిగా దగ్గడం కూడా ఈ ఎముకను లాగుతాయి.

కమలడం, బెణకడం, చిట్లడం, పక్కకు జరగడం

మెట్టు అంచు తగిలినప్పుడు నాలుగు రకాల దెబ్బల్లో ఏదైనా జరగవచ్చు. ఎముక మీది పొర, చుట్టూ ఉన్న మెత్తటి కండ నలిగి లోపల కాస్త రక్తం చేరితే అది కమలడం. ముక్కల మధ్య కీలును పట్టి ఉంచే నరాల్లాంటి గట్టి పట్టీలు సాగితే బెణకడం. ఎముకలో పగులు వస్తే చిట్లడం లేదా విరగడం. కీలు దగ్గర కింది ముక్క తన చోటు తప్పితే పక్కకు జరగడం.

కమిలిన నొప్పి మొదటి వారంలోనే తగ్గుముఖం పట్టి, సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో సర్దుకుంటుంది. ఎముక విరిగితే అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పడినప్పుడు 'టక్'మన్న శబ్దం వినపడటం, కుర్చీలోంచి లేస్తున్న ఆ ఒక్క క్షణంలో కత్తితో పొడిచినట్టు నొప్పి రావడం, ముక్కినప్పుడు నొప్పి ఎగదన్నడం పగులు వైపు కొంత మొగ్గు చూపిస్తాయి. కానీ గట్టిగా కమిలిన దెబ్బకూ ఇవన్నీ ఉండవచ్చు. చర్మం నీలంగా మారిందా లేదా అన్నది కూడా నమ్మదగ్గ గుర్తు కాదు. అక్కడ కొవ్వు మందంగా ఉంటుంది కాబట్టి లోపల ఎంత నలిగినా పైకి కనపడకపోవచ్చు.

అంటే మొదటి రోజు నొప్పి తీవ్రతను బట్టి ఏదీ చెప్పలేం. రోజులు గడిచే కొద్దీ నొప్పి ఏ దారి పడుతుందో చూస్తేనే కొంత తెలుస్తుంది. 10వ రోజుకు పద్మ కుర్చీలో కూర్చోగలిగే సమయం 5 నిమిషాల నుంచి 30 నిమిషాలకు పెరిగిందనుకోండి, అది కమిలిన దెబ్బ నడిచే దారి. అదే 10వ రోజుకూ 5 నిమిషాల దగ్గరే ఉంటే పగులు ఉండవచ్చని అనుమానించడంలో తప్పు లేదు.

ఎక్స్‌రే ఎందుకు తేల్చి చెప్పలేదు

చెయ్యి విరిగిందేమోనన్నప్పుడు రెండో చేతితో పోల్చి చూడొచ్చు. తోక ఎముకకు అలాంటి జోడు లేదు. పైగా దాని ముక్కల మధ్య ఉండే సహజమైన కీలు ఎక్స్‌రేలో నల్లటి గీతలా కనిపిస్తుంది. పగులూ అలాగే కనిపిస్తుంది. పుట్టుకతోనే కొక్కెంలా వంగిన ఎముక, దెబ్బకు వంగిన ఎముక ఒకేలా ఉంటాయి. పిల్లల్లో ముక్కల మధ్య ఇంకా మృదులాస్థి ఉంటుంది కాబట్టి ఎముక విడివిడిగా తేలుతున్నట్టు కనిపించి మరింత గందరగోళం పుట్టిస్తుంది. పేగుల్లోని గాలి, మలం నీడలు కూడా అడ్డొస్తాయి.

అందుకే బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ మార్గదర్శకాలు తోక ఎముక దెబ్బకు మామూలుగా ఎక్స్‌రే అవసరం లేదంటాయి. వాళ్లు చెప్పే కారణాలు రెండు. ఆరోగ్యంగా ఉన్న ఎముక కూడా చూసేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. చిత్రంలో ఏం కనపడ్డా చికిత్స అదే. రేడియేషన్ కూడా పునరుత్పత్తి అవయవాల మీదుగానే పోతుంది. గర్భం ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా ఈ మాటకు బరువు ఇంకా పెరుగుతుంది.

ఎక్స్‌రే తీయాలనేవారి వాదననూ తీసిపారేయలేం. వాహన ప్రమాదమైతే పోలీసు కేసుకు, బీమాకు రికార్డు కావాలి. చాలా ఎత్తు నుంచి పడితే కటిలోని మిగతా ఎముకలనూ చూడాలి. కొందరికి చిత్రం చూస్తే తప్ప టెన్షన్ తగ్గదు, టెన్షన్‌తో కండరాలు బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది. నా దృష్టిలో మాత్రం, మెట్ల మీదో బాత్‌రూమ్‌లోనో జారి, నొప్పి సరిగ్గా తోక ఎముక మీదే ఉండి, వేరే ప్రమాద సూచనలు లేనివారికి మొదటి రోజు ఎక్స్‌రే వల్ల ఒరిగేది చాలా తక్కువ.

మరి విరిగితే కట్టు కట్టరా? పుత్తూరు కట్టు తెలిసిన మనవాళ్లకు ఇది సహజంగా వచ్చే సందేహం. చేతికీ కాలికీ వెదురు బద్దలు పెట్టి కదలకుండా బిగించవచ్చు. తోక ఎముకకు అటూ ఇటూ బద్ద పెట్టే చోటే లేదు. పిండికట్టు కూడా అక్కడ నిలవదు. అందువల్ల ఏ పద్ధతిలోనైనా ఎముకను కదలకుండా బంధించడం కుదరదు. చేయగలిగిందల్లా దాని మీద బరువు పడకుండా చూడటమే. కమిలినా అదే, చిట్లినా అదే. వేలిని మలద్వారం గుండా పోనిచ్చి ఎముక కదలికను, గరగరమనే స్పర్శను డాక్టర్ పరీక్షించగలరు. కానీ నొప్పి మీదున్న మనిషికి అది బాధాకరం కాబట్టి అందరికీ చేయరు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న: నొప్పి తోక ఎముకదేనా?

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. పిరుదుల మీద పడినప్పుడు తాకిడి తోక ఎముక దగ్గర ఆగిపోదు. నిలువుగా వెన్నెముక పైకి పాకుతుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లలో ఆ తాకిడికి ఛాతీ, నడుము కలిసే చోట ఉన్న వెన్నుపూస నలిగిపోవడం తరచుగా జరిగేదే. పడింది పిరుదుల మీద కాబట్టి ఇంట్లోవాళ్లు తోక ఎముక దెబ్బే అనుకుంటారు. మామ్మకు నిజంగా విరిగింది మాత్రం జానెడు కంటే ఎక్కువ పైన ఉంటుంది.

దీన్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే చిన్న చిట్కా ఉంది. ఒక్క వేలితో నొప్పి ఉన్న చోటు చూపించమంటారు. తోక ఎముక దెబ్బయితే వేలు మలద్వారానికి కాస్త పైన, పిరుదుల మధ్య గాడిలో ఆగుతుంది. చీర కుచ్చెళ్ల ముడి ఎత్తుకో అంతకంటే పైకో వేలు పోతే అది వెన్నుపూస వ్యవహారం. అప్పుడు ఎక్స్‌రే నిజంగా పనికొస్తుంది. గజ్జల్లో నొప్పి ఉండి కాలు మీద బరువు వేయలేకపోతే తుంటి ఎముకను, కటి ముందుభాగాన్ని చూడాలి. 60 దాటినవాళ్లలో ఈ రెండింటినీ చూడకుండా తోక ఎముక అని తేల్చేయడం ప్రమాదం.

ఇక వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితులు వేరే ఉన్నాయి. తొడల లోపలివైపు, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, కాళ్లలో బలం తగ్గడం నరాలు నొక్కుకుపోయాయనడానికి సూచనలు. గంటలు కూడా విలువైనవే. మలంలో కొత్తగా రక్తం కనపడితే విరిగిన ముక్క పేగును తాకిందేమో చూడాలి. అలా జరగడం చాలా అరుదు. జ్వరంతో, చీముతో, వాపుతో వచ్చే నొప్పి దెబ్బది కాదు, అక్కడ పుండు లేదా గడ్డ ఉండవచ్చు.

పద్మ వేలు సరిగ్గా గాడిలో ఆగింది. తిమ్మిరి లేదు, నడక మామూలుగానే ఉంది. అంటే ఆమె అసలు సమస్య ఇక కూర్చోవడమే.

కూర్చున్నప్పుడు బరువు ఎక్కడ పడుతుంది

గట్టి బల్ల మీద నిటారుగా కూర్చుని పిరుదుల కింద అరచేతులు పెట్టి చూస్తే రెండు గట్టి ఎముకలు చేతికి తగులుతాయి. కూర్చునేందుకు శరీరం పెట్టుకున్న పీటకోళ్లు అవే. నిటారుగా ఉన్నా, కొంచెం ముందుకు వంగినా బరువంతా వాటి మీదే ఉంటుంది, తోక ఎముక దాదాపు గాల్లో ఉంటుంది. వెనక్కి వాలిన మరుక్షణం కటి వెనక్కి దొర్లుతుంది. అప్పుడు తోక ఎముక మూడో కోడవుతుంది.

ఈ ఒక్క సంగతితో రోజువారీ అనుభవాలు చాలా అర్థమవుతాయి. మెత్తటి సోఫా హాయిగా ఉంటుందనుకుంటాం. అందులో కూరుకుపోగానే నడుము గుండ్రంగా వంగి బరువు వెనక్కి పోతుంది. చెక్క కుర్చీలో నిటారుగా కూర్చున్నప్పటికంటే సోఫాలోనే నొప్పి ఎక్కువని చాలామంది చెప్పేది అందుకే. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుంటే, తొడలు అంతగా సాగనివాళ్లకు కటి వెనక్కి వాలుతుంది. పంక్తి భోజనం, పూజ పీటల మీద కూర్చోవడం ఆ కొన్ని వారాలూ కష్టమయ్యేది ఇందుకే. గొంతుక్కూర్చున్నప్పుడు మాత్రం తోక ఎముక దేనికీ ఆనదు. బండి మీద వెనక కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటడం వీటన్నిటికంటే చెడ్డది. వాలిన భంగిమకు తోడు కింది నుంచి దెబ్బ కూడా తగులుతుంది.

పద్మ విషయంలో మొదటి మార్పు వస్తువుల్లో కాదు, అలవాటులో వచ్చింది. స్టాఫ్ రూములో మోచేతులు బల్ల మీద ఆనించి ముందుకు వంగి పేపర్లు దిద్దింది. ప్రతి 20 నిమిషాలకు లేచి నిలబడింది. లేచేటప్పుడు ముందు కుర్చీ అంచుకు జరిగి, ఛాతీని మోకాళ్ల మీదుగా ముందుకు తెచ్చి, పిరుదులు బిగించి లేచింది. లేచే క్షణంలో పొడిచే నొప్పి అలా చేస్తే చాలామందికి తగ్గుతుంది. పడుకోవడం పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని.

రింగ్ దిండా, వెనక గాడి ఉన్న దిండా?

మందుల షాపులో అడిగితే సాధారణంగా చేతికిచ్చేది గాలి నింపే గుండ్రటి రింగ్. మొలలు ఉన్నవాళ్లు వాడేదీ అదే. తోక ఎముకకు అది సరిపోతుందా అన్న దగ్గర అభిప్రాయాలు చీలుతాయి. రింగ్ మధ్య చిల్లు మలద్వారం కిందికి వస్తుంది. తోక ఎముక కాస్త వెనక ఉంటుంది కాబట్టి చాలామందిలో అది రింగ్ వెనక అంచు మీదే పడుతుంది. ఏ చోటును కాపాడాలో దాన్నే నొక్కుతుందన్నమాట. అందుకే ఈ నొప్పికి చికిత్స చేసేవాళ్లలో ఎక్కువమంది ముందుకు కొద్దిగా వాలుగా ఉండి, వెనకవైపు యు ఆకారంలో గాడి కోసిన గట్టి ఫోమ్ దిండును ఇష్టపడతారు. వాలు కటిని ముందుకు వంచుతుంది, గాడి ఎముకను గాల్లో ఉంచుతుంది. అయితే రింగ్‌తోనే హాయిగా ఉన్నామనే రోగులూ ఉన్నారు. శరీరాల కొలతలు వేరు కాబట్టి వాళ్ల మాట కాదనడానికి లేదు.

గాడి దిండు కొన్నా ఉపయోగం లేదనేవారి దగ్గర సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి కనిపిస్తుంది. గాడి ముందుకు వచ్చేలా తిప్పి వేసుకోవడం ఒకటి. ఫోమ్ మరీ మెత్తగా ఉండి బరువుకు అణిగిపోవడం రెండోది. కూర్చున్నాక వెనకనుంచి గాడిలోకి రెండు వేళ్లు పోనిస్తే అవి నలగకుండా కదలాలి. నలిగితే ఎముక కుర్చీకి ఆనుతున్నట్టే. దిండు వచ్చేదాకా పద్మ రెండు తువ్వాళ్లను గట్టిగా మడిచి రెండు తొడల కింద చెరొకటి, మధ్యలో వెనకవైపు ఖాళీ ఉండేలా వేసుకుంది. ఖర్చు లేదు, సూత్రం అదే.

ఐసు, మాత్రలు, అందరూ మరిచే మలబద్ధకం

మొదటి 2, 3 రోజులు గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు పెడితే వాపు, నొప్పి తగ్గుతాయి. తర్వాత వేడి కాపడం బిగుసుకున్న కండరాలను వదులు చేస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న దాని మీద పెద్ద పరిశోధనలేమీ లేవు, హాయిని బట్టే చాలామంది తేల్చుకుంటారు. వాపు ఉన్న తొలిరోజుల్లో గట్టిగా మర్దన చేయడం మాత్రం నలిగిన కండను మళ్లీ నలపడమే.

పారాసెటమాల్ పెద్దలకు రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నా, మద్యం అలవాటున్నా, మనిషి బాగా బక్కగా ఉన్నా హద్దు ఇంకా తక్కువ. మన దగ్గర దొరికే చాలా నొప్పి మాత్రల్లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసెటమాల్ కలిసే ఉంటుంది. అది తెలియక విడిగా ఇంకో పారాసెటమాల్ వేసుకుంటే మోతాదు పెరిగిపోతుంది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, రక్తం పలచబడే మందులు ఉన్నవారికి, గర్భిణులకు పనికిరాకపోవచ్చు.

ట్రమడాల్ లాంటి గట్టి మాత్రల విషయంలో ఒక చిక్కుంది. అవి నొప్పిని తగ్గిస్తాయి, మలాన్ని గట్టిపరుస్తాయి. గట్టి మలం తోక ఎముకను లోపలినుంచి నెడుతుంది, ముక్కితే కండరాలు దాన్ని లాగుతాయి. దానికి భయపడి మనిషి వెళ్లడం వాయిదా వేస్తే మలం ఇంకా గట్టిపడుతుంది. పద్మకు 4వ రోజు నొప్పి పెరిగింది ఇలాగే. దెబ్బ ముదరలేదు, కడుపు బిగిసింది. రాత్రి గోరువెచ్చని నీళ్లలో ఇసబ్‌గోల్, పగలు ఎక్కువ నీళ్లు, ఆకుకూరలు, జామకాయతో రెండు రోజుల్లో తేడా కనపడింది.

3వ వారానికి ఆమె ఒక పీరియడ్ మొత్తం కూర్చోగలిగింది. 6వ వారానికి దిండు బడిలో మాత్రమే వాడింది. 9వ వారంలో స్కూటీ ఎక్కింది, గుంతల రోడ్డు మాత్రం తప్పించుకుని. ఎముక చిట్లిందా, గట్టిగా కమిలిందా? ఈ కాలక్రమం రెంటికీ సరిపోతుంది.

3 నెలలు దాటినా తగ్గకపోతే

పడ్డవాళ్లలో ఎక్కువమందికి ఈ పద్ధతులతోనే నయమవుతుంది. కొద్దిమందిలో నొప్పి 3 నెలలు దాటుతుంది. విచిత్రంగా, మొదటి రోజు పెద్దగా చెప్పలేని ఎక్స్‌రే ఈ దశలో అక్కరకొస్తుంది. కాకపోతే మామూలుగా పడుకోబెట్టి తీసేది కాదు. ఫ్రెంచి వైద్యుడు ఝాన్-ఈవ్ మేన్ 1990లలో ఒక పద్ధతిని రూపొందించారు. రోగిని నిలబెట్టి ఒకటి, నొప్పి వచ్చే భంగిమలో కూర్చోబెట్టి ఒకటి పక్కనుంచి తీసి, రెంటినీ ఒకదానిమీదొకటి పోల్చి చూస్తారు. కూర్చున్నప్పుడు తోక ఎముక కొంత వంగడం సహజమే. ఆ వంపు 25 డిగ్రీలు దాటినా, ముక్క వెనక్కి జారినా కీలు వదులైందని అర్థం. నొప్పికి కారణం పాత పగులు కాదు, మానని కీలు.

అలా కారణం దొరికితే చికిత్సకు గురి దొరుకుతుంది. కటి అడుగు కండరాల బిగువు విడిపించే ఫిజియోథెరపీ, కీలు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్, తోక ఎముక ముందున్న నరాల ముడికి మత్తు సూది వరుసగా వస్తాయి. ఎముకను తీసేసే శస్త్రచికిత్స అన్నిటికంటే చివర. మలద్వారానికి అంత దగ్గర కోత కాబట్టి పుండుకు ఇన్ఫెక్షన్ సోకే భయం ఎక్కువ, మానడానికి నెలలు పడుతుంది. చిత్రంలో కీలు స్పష్టంగా వదులైనట్టు కనపడి, మిగతావన్నీ ప్రయత్నించినవారికే సర్జన్లు దాని మాట ఎత్తుతారు.